బయోమెట్రిక్ హాజరులో డబుల్ పంచ్‌లు, మిస్ పంచ్‌లు: నెల గంటలు కూడే ముందు చేయవలసిన శుద్ధి

మూడు షిఫ్టుల్లో నడిచే ఒక ప్యాకింగ్ యూనిట్‌ను ఉదాహరణగా తీసుకుందాం. ఉదయం షిఫ్టు 6 నుంచి 2 వరకు, మధ్యాహ్నం షిఫ్టు 2 నుంచి రాత్రి 10 వరకు, నైట్ షిఫ్టు 10 నుంచి మర్నాడు ఉదయం 6 వరకు. గేటు దగ్గరి వేలిముద్ర మిషన్ నుంచి నెలాఖరున దింపిన ఫైలులో ఉద్యోగి నంబరు, తేదీ, సమయం ఉంటాయి. ఇన్, అవుట్ అని చెప్పే మరో కాలమ్ కూడా సాధారణంగా ఉంటుంది గానీ, వేలు పెట్టేముందు బటన్ నొక్కే ఓపిక షిఫ్టు మారే రద్దీలో ఎవరికీ ఉండదు కనుక దానిని నమ్మి లెక్క కట్టకూడదు. సమయాల వరుసను బట్టే ఏది ఇన్, ఏది అవుట్ అన్నది తేల్చుకోవాలి.

1047 నంబరు ఉద్యోగి మూడు రోజుల రికార్డు ఇలా ఉందనుకుందాం.

```
1047  2025-06-12 05:54:10
1047  2025-06-12 05:54:13
1047  2025-06-12 14:06:40
1047  2025-06-13 05:57:02
1047  2025-06-13 05:57:05
1047  2025-06-14 05:52:30
1047  2025-06-14 14:03:20
```

సమస్య: రోజంతా పనిచేసిన మనిషికి మూడు సెకన్లు, మరో చోట దాదాపు ఇరవై నాలుగు గంటలు

పై వరుసను రెండేసి పంచ్‌ల చొప్పున జత కలుపుతూ పోతే, 12వ తేదీన మూడు సెకన్ల పని కనిపిస్తుంది. ఆ రోజు మధ్యాహ్నం పంచ్ మర్నాటి ఉదయం పంచ్‌తో జతపడి 15 గంటల 50 నిమిషాలు అవుతుంది, 13వ తేదీ రెండో పంచ్ 14వ తేదీ ఉదయంతో కలిసి 23 గంటల 55 నిమిషాలు చూపిస్తుంది, చివరి పంచ్ ఒంటరిగా మిగులుతుంది. మొత్తం 39 గంటల 45 నిమిషాలు వస్తుంది. ఉదయం షిఫ్టు మూడు రోజులు చేసినవారికి రావలసినది ఇరవై నాలుగు గంటలకు కాస్త అటూ ఇటూ మాత్రమే.

దీనికి కారణం మిషన్ పాడవడం కాదు. వేలు ఒకసారి పడినా "బీప్" వినబడలేదన్న అనుమానంతో మనిషి మళ్లీ పెడతాడు, మిషన్ రెండింటినీ నమోదు చేస్తుంది. అలా ఒక్క అదనపు పంచ్ పడితే, దాని తరువాతి జతలన్నీ ఒక స్థానం పక్కకు జరుగుతాయి. అందువల్ల తప్పు 12వ తేదీన జరిగినా, అది ఆ వారమంతా ప్రతి రోజులోనూ కనిపిస్తుంది.

పరిష్కారంగా, మూల ఫైలును తాకకుండా దాని ప్రతిని తీసుకుని, ముందు ఉద్యోగి నంబరు వారీగా, ఆ తరువాత సమయం వారీగా సార్ట్ చేయాలి. ఎక్సెల్‌లో A కాలమ్‌లో నంబరు, B కాలమ్‌లో తేదీ-సమయం, మొదటి వరుసలో శీర్షికలు ఉంటే, రెండో వరుస నుంచి ఈ రెండు సూత్రాలు సరిపోతాయి.

```
C2: =IF(A2<>A1,B2,IF(ROUND((B2-C1)*1440,2)>5,B2,C1))
D2: =IF(OR(A2<>A1,C2<>C1),1,0)
```

C కాలమ్ మనం చివరిగా ఉంచుకున్న పంచ్ సమయాన్ని గుర్తు పెట్టుకుంటుంది. కొత్త పంచ్ దానికి ఐదు నిమిషాలు దాటి ఉంటేనే D కాలమ్‌లో 1 పడుతుంది, ఆ 1 ఉన్న వరుసలే లెక్కలోకి వస్తాయి. ఐదు నిమిషాలు అన్నది శిలాశాసనం కాదు. పంచ్‌ల మధ్య ఎడాలను ఒకసారి సార్ట్ చేసి చూస్తే, డబుల్ పంచ్‌లు కొన్ని సెకన్ల దగ్గర గుంపుగా ఉంటాయి, నిజంగా బయటికి వెళ్లి వచ్చిన టీ విరామాలు పది నిమిషాల పైన మొదలవుతాయి. మధ్యలో ఖాళీ ఎక్కడ ఉందో అక్కడే గీత గీసుకోవాలి. అరగంట పెడితే నిజమైన విరామాలు మాయమవుతాయి.

సమస్య: హాజరు ఉంది, గంటలు సున్నా

కొందరు జతలు కలపరు, ప్రతి తేదీకి మొదటి పంచ్ నుంచి చివరి పంచ్ వరకు లెక్కిస్తారు. ఈ పద్ధతిలో 12, 14 తేదీలు సరిగానే వస్తాయి. 13వ తేదీన మాత్రం రెండు పంచ్‌లు ఉన్నాయి కనుక రికార్డు పూర్తిగా ఉన్నట్టే కనబడుతుంది, గంటలు మాత్రం మూడు సెకన్లు. నిజానికి ఆ రోజు అవుట్ పంచ్ పడనే లేదు, డబుల్ పంచ్ ఆ లోటును కప్పేసింది.

ఈ పని మొత్తంలో నేను పట్టుబట్టేది ఈ వరుస క్రమం గురించే: డూప్లికేట్లు తీసేశాకే మిస్ పంచ్‌లు వెతకాలి. ముందే వెతికితే 12వ తేదీన మూడు పంచ్‌లు ఉన్నాయని బాగున్న రోజును అనుమానిస్తాం, రెండు ఉన్నాయని 13ను వదిలేస్తాం. శుద్ధి చేశాక 12న రెండు, 13న ఒకటి, 14న రెండు మిగులుతాయి, లోపం ఎక్కడుందో అప్పుడు దానంతటదే బయటపడుతుంది.

ఒంటరి పంచ్‌లు దొరికాక వాటిని తేదీ వారీగా లెక్కపెట్టి చూడాలి. ఒక తేదీన ఒక్కరికో ఇద్దరికో మాత్రమే ఉంటే అది మరుపు, లేదా వేలిముద్ర అరిగి మిషన్ చదవకపోవడం. అదే షిఫ్టులోని అందరికీ అవుట్ లేకపోతే కరెంటు పోయిందో, మిషన్ ఆగిందో అనుకోవాలి. రెండో సందర్భంలో ఒక్కొక్కరిని సంజాయిషీ అడగడం అన్యాయం. షిఫ్టు ఇన్‌ఛార్జి సంతకంతో అందరికీ ఒకే సవరణ చాలు.

వ్యక్తిగత మిస్ పంచ్‌కు షిఫ్టు ముగింపు సమయాన్ని మనంతట మనమే నింపకూడదు. మధ్యాహ్నానికే గేట్ పాస్ మీద వెళ్లిపోయిన మనిషికి కూడా అలా ఎనిమిది గంటలు పడతాయి. సూపర్‌వైజర్ సంతకం చేసిన మిస్ పంచ్ స్లిప్ వచ్చాకే సమయం చేర్చి, పక్క కాలమ్‌లో "మిషన్", "స్లిప్" అని మూలం రాయాలి. 1047కు 13వ తేదీన 14:00 అని స్లిప్ వస్తే ఆ రోజు 8 గంటల 2 నిమిషాల 58 సెకన్లు, మూడు రోజులకు కలిపి 24 గంటల 26 నిమిషాల 18 సెకన్లు అవుతాయి.

సమస్య: నైట్ షిఫ్టు వారికి లేని మిస్ పంచ్‌లు, తప్పు గంటలు

రాత్రి 21:50కి ఇన్, మర్నాడు 06:07కి అవుట్ అయితే, ఆ ఒక్క రాత్రే పని ఉన్నప్పుడు, తేదీ మారినందువల్ల రెండు రోజుల్లోనూ ఒక్కో పంచ్ లోపించినట్టు కనిపిస్తుంది. వరుస రాత్రులైతే ఒక తేదీలో ఉదయపు అవుట్, రాత్రి ఇన్ జతపడి తప్పు గంటలు వస్తాయి. రోస్టర్‌లో నైట్ ఉన్నవారికి మాత్రమే, తేదీ నిర్ణయించడానికి, సమయంలోంచి 12 గంటలు తగ్గించాలి. అప్పుడు 09:50, 18:07 రెండూ ఒకే తేదీలోకి వస్తాయి. అందరికీ ఒకే కోత పెడితే కుదరదు, ఎందుకంటే ఉదయం ఆరు గంటల ప్రాంతంలో నైట్ వారి అవుట్, ఉదయం వారి ఇన్ ఒకే గేటు దగ్గర కలగలిసి పడతాయి. నైట్ నుంచి ఉదయం షిఫ్టుకు మారిన వారం ఉంటే ఆ మార్పు రోజును చేత్తోనే చూసుకోవాలి. నెల మొదటి తేదీ ఉదయపు అవుట్‌కు జత గత నెల ఫైలులో ఉంటుంది కాబట్టి, అటొక రోజు, ఇటొక రోజు అదనంగా దింపుకోవాలి.

సమస్య: అంతా సరిచేసినా మొత్తం 0:26 అని వస్తోంది

ఎక్సెల్ మామూలు `h:mm` ఫార్మాట్‌లో 24 గంటలు నిండగానే మళ్లీ సున్నా నుంచి చూపిస్తుంది. సెల్ ఫార్మాట్‌ను `[h]:mm` చేస్తే 24:26 కనిపిస్తుంది. జీతానికి గుణించేటప్పుడు 24.26 అని టైపు చేయకూడదు. మొత్తాన్ని 24తో గుణించి, ఆ సెల్‌ను నంబరు ఫార్మాట్‌లో పెడితే 24.44 వస్తుంది, రేటుతో గుణించవలసిన గంటలు అవే.