తాకట్టు బంగారం విడిపించే ముందు రోజుల లెక్క వేసుకోండి

బంగారం విడిపించడానికి వెళ్లే ముందు వడ్డీ ఇంట్లోనే లెక్కేసుకుని వెళ్లండి. కౌంటర్ దగ్గర టెన్షన్ ఉండదు.

ముందు ఒక రోజు వడ్డీ ఎంతో తెలుసుకోవాలి. 60,000 రూపాయలు, నూటికి నెలకు రూపాయిన్నర వడ్డీ అనుకుందాం. నెలకు 900, దాన్ని 30తో భాగిస్తే రోజుకు 30 రూపాయలు. జూన్ 10న తీసుకుని జూలై 27న కడితే 47 రోజులు. అంటే వడ్డీ 1,410. తీసుకున్న రోజు, కట్టిన రోజు రెండూ కలిపితే 48 రోజులై 1,440 అవుతుంది. ఈ తేడా చిన్నదే.

అసలు తేడా వేరే చోట వస్తుంది. కొందరు వ్యాపారులు నెల దాటి ఒక్క రోజైనా పూర్తి నెల వడ్డీ వేస్తారు. అప్పుడు ఇదే అప్పుకు రెండు నెలల వడ్డీ, 1,800 కట్టాలి. 390 రూపాయలు ఎక్కువ! మా ఇంట్లో ఒకసారి ఇలాగే జరిగింది, రసీదు వెనక చిన్న అక్షరాల్లో ఉన్న షరతు మేం చదవలేదు. అందుకే వడ్డీ రోజుల లెక్కా, నెలల లెక్కా అన్నది నగ పెట్టే రోజే అడిగి రసీదు మీద రాయించుకోండి. నెలల లెక్కే అయితే, వీలైనంత వరకు నెల నిండేలోపే విడిపించండి.

బ్యాంకులో అయితే సాధారణంగా ఏడాది రేటును 365తో భాగిస్తారు. 18 శాతానికి ఇదే 47 రోజులకు సుమారు 1,391 వస్తుంది.