స్టీలు సామాన్ల యూనిట్‌కు పేరు – 3వ పాఠం: గ్లాసు అడుగున ఏ పేరు కొట్టాలి?

గత పాఠంలో తోచిన పేర్లన్నీ ఒక కాగితం మీద రాసుకోమన్నాను. ఈ పాఠంలో వాటిని కొట్టేయడం మొదలుపెడదాం. చాలావరకు పోతాయి, పోనివ్వండి. ఇప్పుడు పోతే ఖర్చు లేదు. పేరు నొక్కే డై చేయించి, అట్టపెట్టెలు అచ్చువేయించి, దుబాయ్‌కి సరుకు ఎక్కించాక పోతే చాలా ఖర్చు.

ఉదాహరణకు బొబ్బిలి గ్రోత్ సెంటర్‌లో షెడ్డు తీసుకున్న ఒక చిన్న యూనిట్‌ను ఊహించుకుందాం. గ్లాసులు, కంచాలు, టిఫిన్ కారియర్లు చేస్తారు. ప్రస్తుతం విజయనగరం, పార్వతీపురం, పలాస షాపులకు వేస్తున్నారు. రెండు మూడేళ్లలో విశాఖ పోర్టు మీదుగా గల్ఫ్‌కు, ఆ తర్వాత కెన్యా వైపు పంపాలని ఉంది. వాళ్ల జాబితాలో మిగిలినవి ఐదు పేర్లు: శ్రీ పైడితల్లి స్టీల్స్, బుడితి, వంశధార, 304 గోల్డ్, తరణి.

వీటి జోలికి వెళ్లేముందు ఒక విషయం తేల్చుకోవాలి. బిల్లు మీద పేరు వేరు, గిన్నె అడుగున పేరు వేరు. జీఎస్టీ, ఉద్యమ్ రిజిస్ట్రేషన్, ఎగుమతికి కావలసిన ఐఈసీ కోడ్, బ్యాంకు ఖాతా, ఇవన్నీ సంస్థ పేరు మీద నడుస్తాయి. కొనేవాడు చూసేది, గుర్తుపెట్టుకుని మళ్లీ అడిగేది గిన్నె మీద పేరు. రెండూ ఒకటే కావాలని ఏ చట్టమూ అనలేదు. ఈ సంగతి తెలియకే ఇళ్లల్లో సగం గొడవలు. "అమ్మవారి పేరు లేకుండా షెడ్డు ఎలా తెరుస్తావురా?" అని పెద్దావిడ పట్టుబడితే ఆవిడ మాటే నెగ్గనివ్వండి. సంస్థకు శ్రీ పైడితల్లి ఇండస్ట్రీస్ అని పెట్టండి. బోర్డు మీదా, బిల్లు మీదా, పూజ గదిలోనూ అమ్మవారే ఉంటుంది. గ్లాసు అడుగుకు మాత్రం వేరే పేరు వెతుకుదాం.

అమ్మవారి పేరు అక్కడెందుకు వద్దంటే, ఒక కారణం చట్టానిది. దేవుళ్ల పేర్లు అందరివీ కాబట్టి వాటిని ఒక్కరి సొత్తుగా కాపాడుకోవడం కష్టం. అగరుబత్తీలకు 'రామాయణ్' అన్న పేరు విషయంలో 2015లో సుప్రీంకోర్టు, పవిత్ర గ్రంథం పేరు మీద ఎవరూ గుత్తహక్కు కోరలేరని తేల్చింది. అమ్మవారి పేరుకు అచ్చంగా అదే తీర్పు వస్తుందని కాదుగానీ, పక్క ఊళ్లో ఇంకొకరు అదే పేరుతో గ్లాసులు దింపితే మీరు ఆపగలిగేది తక్కువ. రెండో కారణం చట్టంతో పనిలేనిది. ఎంగిలి కంచం అడుగున అమ్మవారి పేరు చూసి మన ఊరి ఇల్లాలే నొచ్చుకుంటుంది.

బుడితి పేరు చెవికి బాగుంది. శ్రీకాకుళం జిల్లా లోహపు పని అనగానే గుర్తొచ్చేది ఆ ఊరే. చిక్కు కూడా అక్కడే ఉంది. బుడితి కంచు, ఇత్తడి సామాన్లకు భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ పేరు అక్కడి కంచరి పనివాళ్ల ఉమ్మడి ఆస్తి. బొబ్బిలి షెడ్డులో ప్రెస్సు మీద దిగిన స్టీలు గ్లాసుకు ఆ పేరు పెడితే కొనేవాళ్లను తప్పుదారి పట్టించినట్టే అవుతుంది, ట్రేడ్‌మార్క్ అప్లికేషన్ కూడా నిలబడదు. బొబ్బిలి పేరు పెడదామా అంటారేమో! వీణకు వచ్చిన గుర్తింపు గ్లాసుకు నేరుగా అడ్డం రాకపోవచ్చు. కానీ ఒట్టి ఊరి పేరు ఆ ఊళ్లో తయారయ్యే సరుకుకు ట్రేడ్‌మార్క్‌గా దక్కడం కష్టం. ఊరు అందరిదీ కదా.

304 గోల్డ్‌ను ఎక్కువసేపు చూడక్కర్లేదు. 304 అన్నది స్టీలు రకం పేరు, ఎవరైనా వాడుకోవచ్చు. పైగా రేపు చవక కంచాలకు 202 రకం షీటు వాడితే మీ పేరే అబద్ధమాడుతుంది. సరుకు గుణం గురించి మోసగించే గుర్తును రిజిస్టర్ చేయకూడదని 1999 నాటి ట్రేడ్‌మార్క్స్ చట్టం 9వ సెక్షన్ చెబుతుంది. రకం ఏదో స్టిక్కరు మీద వేయండి, పేరులోకి రానివ్వకండి.

ఇక వంశధార. ఇక్కడ కాస్త ఆగుదాం, ఎందుకంటే మన జిల్లాల్లో నదుల పేర్ల మీద మోజు ఎక్కువ. దీనికి ఫోన్ పరీక్ష పెట్టండి. ఇచ్ఛాపురంలోనో బరంపురంలోనో ఉన్న తెలిసినవాళ్లకు ఫోన్ చేసి, పేరు ఒక్కసారే చెప్పి, ఇంగ్లీషు అక్షరాల్లో రాసి పంపమనండి. "ఏటి, మళ్లీ చెప్పు బాబూ" అని అవతల అడిగారంటే అక్కడే ఒక మార్కు పోయింది. వంశధారకు Vamsadhara, Vamshadhara, Vansadhara అని మూడు రకాలూ వచ్చే అవకాశం ఉంది. మూడు రకాలుగా రాసే పేరును నెట్‌లో వెతికి పట్టుకోవడం కష్టం. దానికి మించిన చిక్కు బ్యాంకులో ఎదురవుతుంది. కొనేవాడి తరఫున అతని బ్యాంకు డబ్బుకు హామీ ఇచ్చే లెటర్ ఆఫ్ క్రెడిట్‌లో బ్రాండ్ ఒక రకంగా, ఇన్‌వాయిస్‌లో ఇంకో రకంగా ఉంటే కాగితాలు సరిపోలలేదని డబ్బు ఆపే వీలు బ్యాంకుకు ఉంటుంది.

పేరు చివర 'ధార' ఉంది కదా, దాని మీద పాత కేసు ఒకటి ఉంది. అమృతధార, లక్ష్మణధార అనే రెండు మందుల పేర్లు కొనేవాళ్లను తికమక పెట్టేంత దగ్గరగా ఉన్నాయని 1962లో సుప్రీంకోర్టు అంది. ముందుసగం పూర్తిగా వేరు, అయినా లాభం లేకపోయింది. రెండు పేర్లను పక్కపక్కన పెట్టుకుని అక్షరాలు పోల్చే చదువరి దృష్టితో కోర్టు చూడదు. ఎప్పుడో ఒకసారి విని, సగం గుర్తుండి షాపుకొచ్చిన మామూలు మనిషి పొరబడతాడా అని చూస్తుంది. మీరూ మీ పేరును ఆ మనిషి చెవితోనే వినాలి.

తరణి అంటే సూర్యుడు. అరసవల్లి సూర్యుడు కొలువైన మన వైపుకు అతికినట్టుంది, ఆరే అక్షరాలు Tarani, పలకడం తేలిక. నాకూ నచ్చింది. అయితే ipindia.gov.in సైటులో ట్రేడ్‌మార్క్ పబ్లిక్ సెర్చ్‌లోకి వెళ్లి Wordmark కింద ఒకసారి, ఒకేలా వినిపించే పేర్లు చూపే Phonetic కింద ఒకసారి వెతకాలి. తరగతి 21 అని కొట్టండి. వంటింటి పాత్రలూ గిన్నెలూ ఆ తరగతిలోకి వస్తాయి. చెంచాలు, ఫోర్కులు మాత్రం తరగతి 8. వాటినీ చేసే ఆలోచన ఉంటే రెండింటిలోనూ చూడండి. చాలామంది మొదటి రకం వెతికి, ఏమీ దొరకలేదని సంబరపడి ఆపేస్తారు. అసలు గండం రెండో రకంలో ఉంటుంది. తరణి లాంటి పేరుకు ముందుగా అనుమానించాల్సింది 'తారిణి'ని. సరిహద్దు దాటి ఒడిశాలోకి వెళ్తే మా తారిణి పేరుతో షాపులు కొల్లలు, ఘటగావ్ అమ్మవారి పేరు అది. మన యూనిట్‌కు తొలి పక్క మార్కెట్టు గల్ఫ్ కాదు, బరంపురం. అక్కడ దిగగానే ఇంకో వందమందిలో కలిసిపోయే పేరు మనకెందుకు? తరణిని కూడా, బాధగానే, కొట్టేశాను.

ఐదూ పోయాయి కాబట్టి కొత్తది కూర్చాలి. మెరుపు, మెరుగు అనే మాటల మొదలు తీసుకుని 'మెరుణి' అందాం, ఇంగ్లీషులో Meruni. నిఘంటువులో లేదు, సరుకును నేరుగా వర్ణించడం లేదు, తెలుగు చెవికి పరాయిగానూ లేదు. ఇది పాఠం కోసం అల్లింది మాత్రమే. రిజిస్టరులో ఖాళీగా ఉందని నేను చెప్పడం లేదు, వెతక్కుండా తీసుకోకండి.

కూర్చేటప్పుడే గల్ఫ్‌ను దృష్టిలో పెట్టుకోవాలి. ప్రామాణిక అరబీలో ఇంగ్లీషు p, v శబ్దాలు లేవు. p వచ్చినచోట బ, v వచ్చినచోట ఫ అంటారు. పావని, Pavani అని పెడితే దుబాయ్ షాపులో 'బాఫని' అయి కూర్చుంటుంది. మ, ర, న లకు ఆ బెడద లేదు. తర్వాత అరబీ మాతృభాషగా ఉన్నవాళ్ల చేత ఒకసారి చదివించండి. మన ఊళ్ల నుంచి గల్ఫ్ వెళ్లినవాళ్లకు కొదవలేదు, వాళ్ల ద్వారా అడిగించవచ్చు. "బాగుందా?" అని అడిగితే మర్యాదకు బాగుందనే అంటారు. "ఇది వింటే మీకు ఏం గుర్తొస్తోంది?" అని అడగండి.

ఇప్పుడు గ్లాసు పరీక్ష. మీ గ్లాసు అడుగును కాగితం మీద పెట్టి పెన్సిలుతో గుండ్రం గీయండి. అంచు వంపు వదిలేస్తే పేరుకు మిగిలే చోటు రెండు వేళ్ల వెడల్పు ఉంటే గొప్ప. ఐఎస్ఐ గుర్తు, లైసెన్సు నంబరు వేయాల్సి వస్తే అవీ అందులోనే రావాలి. శ్రీ పైడితల్లి స్టీల్ ఇండస్ట్రీస్ అని అక్కడ రాసి చూడండి, అక్షరాలు చీమల బారులా వస్తాయి. డైతో పేరు నొక్కి తర్వాత బఫింగ్ చేస్తే సన్నక్షరాల అంచులు అరిగిపోతాయి, గాళ్లలో పాలిష్ మసి ఇరుక్కుని నల్ల మచ్చలా కనిపిస్తుంది. బఫింగ్ అయ్యాక లేజర్‌తో కొట్టిస్తే ఈ బాధ తగ్గుతుంది, కానీ చోటు మాత్రం పెరగదు. ఆరేడు అక్షరాలు దాటని పేరయితే చిన్న గ్లాసు మీద కూడా చేయి చాచిన దూరం నుంచి చదవవచ్చు.

పేరు నిలబడితే అప్లికేషన్ ఆలస్యం చేయొద్దు. ఫారం TM-A ఆన్‌లైన్‌లో వేస్తే వ్యక్తికైనా, ఉద్యమ్ సర్టిఫికెట్ ఉన్న చిన్న సంస్థకైనా తరగతికి 4,500 రూపాయలు. మన రెండు తెలుగు రాష్ట్రాల దరఖాస్తులు చూసేది చెన్నై రిజిస్ట్రీ. జర్నల్‌లో వచ్చాక నాలుగు నెలల పాటు ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. రిజిస్టర్ అయితే పదేళ్లు, ఆపై రెన్యువల్. అప్పటిదాకా పేరు పక్కన TM వేసుకోండి. ® గుర్తు రిజిస్ట్రేషన్ వచ్చాకే, ముందే వేస్తే చట్టవిరుద్ధం.

ఈ రిజిస్ట్రేషన్ భారతదేశానికే పరిమితం. ఎగుమతి చేసేవాళ్లు దెబ్బతినేది సరిగ్గా ఇక్కడే. శాంపిళ్లు బాగున్నాయని ఆర్డరు పెట్టిన దిగుమతిదారే మీ పేరును తన దేశంలో తన పేరిట రిజిస్టర్ చేసుకుంటే, రేపు అక్కడ ఇంకొకరికి సరుకు అమ్మాలన్నా మీరు అతని అనుమతి అడగాల్సిందే. ఇక్కడ దరఖాస్తు వేసిన రోజు నుంచి ఆరు నెలల లోపు బయటి దేశంలో వేస్తే, పారిస్ ఒప్పందంలో ఉన్న దేశాల్లో మీ ఇక్కడి తేదీనే లెక్కలోకి వస్తుంది. మాడ్రిడ్ విధానంలో ఒకే దరఖాస్తుతో అనేక దేశాలు కోరవచ్చు. భారత్ 2013లో, యూఏఈ 2021లో చేరాయి, కెన్యా కూడా ఉంది. దానికో మెలిక ఉంది. మొదటి ఐదేళ్లలో ఇక్కడి మూల దరఖాస్తు పడిపోతే దాని మీద కట్టిన విదేశీ రిజిస్ట్రేషన్లు కూడా పడిపోతాయి. అందుకే ఫోనెటిక్ సెర్చ్ దగ్గర అంత సతాయించాను.

వచ్చే పాఠానికి మీ దగ్గర మూడు పేర్లు మిగలాలి. ఒక్కోదానికి ఫోన్ పరీక్షలో వచ్చిన స్పెల్లింగులు, రెండు రకాల సెర్చ్‌లో కనిపించిన దగ్గరి పేర్లు, గ్లాసు అడుగు గీసిన కాగితం కలిపి ఉంచుకోండి. TM-Aలో సరుకుల వివరం గడి దగ్గర వాటితో పని ఉంది.