విద్యార్థి సంఘానికి ప్రవర్తనా నియమావళి రాయడం ఎలా?

విజయనగరంలో ఒక డిగ్రీ కాలేజీ నాటక సంఘం ఉందనుకుందాం. పైడితల్లమ్మ పండగకి నాటకం వెయ్యాలని వేషాల అద్దెకి సభ్యుల దగ్గర ఆరు వేలు వసూలు చేశారు. కోశాధికారి చూపించిన రసీదు 4,200కి మాత్రమే. ఫిర్యాదు ఇద్దామంటే కార్యదర్శి, కోశాధికారి ఒకే గదిలో ఉంటున్నారు. నియమావళి నిలుస్తుందో లేదో ఇలాంటి చోటే తేలుతుంది.

1. గుణాలు కాదు, పనులు రాయండి. "నిజాయితీగా ఉండాలి" అని రాస్తే ఏది తప్పో ఎవరూ తేల్చలేరు. "వసూలు చేసిన డబ్బుకి కార్యక్రమం అయిన పది రోజుల్లో రసీదులతో లెక్క చెప్పాలి" అంటే వాదన ఉండదు. నియమాలు రిహార్సల్స్‌కి, బస్సు ప్రయాణాలకి, వాట్సాప్ గ్రూపుకి కూడా వర్తిస్తాయని చేర్చండి.

2. మీరు విచారించకూడనివి వేరు చెయ్యండి. పలాస నుంచి వచ్చిన కుర్రాడి యాసని సీనియర్లు వెక్కిరిస్తే అది సరదా కాదు. యూజీసీ 2009 నిబంధనల ప్రకారం మాటలతో ఏడిపించడం కూడా ర్యాగింగే. ఆ ఫిర్యాదు కాలేజీ యాంటీ ర్యాగింగ్ కమిటీకి వెళ్లాలి. లైంగిక వేధింపులైతే కాలేజీ అంతర్గత ఫిర్యాదుల కమిటీకి. సంఘంలోనే రాజీ చేద్దామని ఎవరూ కూర్చోకూడదు.

3. ఫిర్యాదుకి రెండు దారులు పెట్టండి. ఒకటి కార్యదర్శి, రెండోది పదవిలో లేని ఒక సభ్యుడో, సలహాదారు లెక్చరరో. నోటితో చెప్పినా రాసుకుని, చదివి వినిపించి, సంతకం తీసుకోవాలి. రెండు రోజుల్లో అందిందని చెప్పాలి.

4. విచారణ. ఇక్కడే ఎక్కువ సంఘాలు తప్పటడుగు వేస్తాయి: అందరూ గుమిగూడి అడుగుతారు, ఆరోపణ వచ్చినవాడు తల దించుకుంటే తప్పు ఒప్పుకున్నట్టే అనేస్తారు. ముగ్గురిని వెయ్యండి. ఫిర్యాదు చేసినవారు, సాక్షులు, రూమ్మేట్లు అందులో ఉండకూడదు. కోశాధికారికి ఆరోపణ ఏమిటో కాగితం మీద ఇచ్చి, జవాబుకి ఐదు రోజులు గడువివ్వండి. మిగిలిన 1,800కి మేకప్ వాళ్ల రసీదు అతని దగ్గర ఉండొచ్చు కదా! ఈలోగా డబ్బు బాధ్యత ఇంకొకరికి అప్పగించవచ్చు, కానీ అది శిక్ష కాదని రాతపూర్వకంగా చెప్పాలి.

5. చర్యలు మెట్లు మెట్లుగా ఉండాలి. రసీదులు పోగొట్టుకున్నాడంటే హెచ్చరిక. సొంతానికి వాడుకున్నాడని తేలితే డబ్బు కట్టించి, పదవి తీసెయ్యాలి. మళ్లీ చేస్తే సభ్యత్వం రద్దు. హాల్‌టికెట్, హాజరు లాంటివి సంఘం చేతిలో లేవు, వాటి జోలికి పోవద్దు. నిర్ణయం, కారణాలతో సహా, ఇద్దరికీ కాగితం మీద ఇవ్వాలి. పది రోజుల్లో అప్పీలుకి వీలుండాలి, దాన్ని మొదటి ముగ్గురిలో లేనివాళ్లే వినాలి.

చివరిగా సర్వసభ్య సమావేశంలో చదివి, ఆమోదించి, తేదీ వెయ్యండి. ఆ తేదీకి ముందు జరిగినదానికి ఈ శిక్షలు వర్తించవు. కోశాధికారి గొడవ అయ్యాక రాసిన నియమంతో అతన్ని శిక్షించలేరు.