కంచు రంగు బొమ్మ కంచేనా? అడుగు, అతుకు, పాటినా ఫొటోల్లో ఏం చూడాలి

ముదురు గోధుమరంగు పాటినా, అంటే లోహం మీద పట్టిన లేదా పట్టించిన పైరంగు, మడతల్లో కాస్త పచ్చదనం, చేతికి బరువు. ఇలాంటి చిన్న బొమ్మ ఫొటో పెట్టి "ఇది కంచేనా?" అని అడిగితే చాలామంది ముందువైపు ఫొటో చూసే జవాబు చెప్పేస్తారు. ముందువైపు కనిపించేది పైపూత మాత్రమే. ఒకే రకం గోధుమరంగు కింద కంచు ఉండొచ్చు, జింకు మిశ్రమం ఉండొచ్చు, లోహపు పొడి కలిపిన రెసిన్ కూడా ఉండొచ్చు. బొమ్మను చూసేవాళ్ల కోసం సిద్ధం చేశారు, అడుగుభాగాన్ని ఎవరూ పట్టించుకోలేదు. అందుకే నేను అడుగు చూపించే ఫొటోనే ఎక్కువ నమ్ముతాను.

సమస్య: ఫొటోలో రంగు ఎలా కావాలంటే అలా కనిపిస్తోంది

కారణం చాలాసార్లు వెలుతురే. పసుపు బల్బు కింద తీస్తే బూడిదరంగు లోహం కూడా బంగారు ఛాయలోకి తిరుగుతుంది. ఫ్లాష్ వేస్తే అతుకులు మాయమైపోతాయి. పగటి వెలుతురులో, కిటికీ పక్కన, బొమ్మ పక్కనే తెల్లకాగితం పెట్టి తీయండి. ఆ కాగితం తెల్లగా కనిపించకపోతే రంగు గురించి ఏమీ తేల్చవద్దు. వెలుతురు ఒక పక్కనుంచి ఏటవాలుగా పడితే అతుకు గీతలు పైకి తేలతాయి. కావలసిన ఫొటోలు మూడే: అడుగు లోపలి భాగం, రెండు పక్కలా పైనుంచి కిందికి, బాగా అరిగిన ఒక చోటు దగ్గరగా. అడుగున ఫెల్టు గుడ్డ అంటించి ఉంటే, ఒక మూల మెల్లగా లేపి తీయాలి.

సమస్య: అరిగిన చోట ఎర్రగా మెరుస్తోంది, కాబట్టి కంచే అనిపిస్తోంది

ఎక్కువ మంది తడబడేది ఇక్కడే. ముక్కు, మోచేయి, మోకాలు, పీఠం అంచు తాకిడికి ముందు అరుగుతాయి. అసలు కంచైతే గోధుమరంగు మెల్లగా పలచబడి, కింద వెచ్చని బంగారు ఛాయ లోహం బయటపడుతుంది. రెండింటి మధ్య కచ్చితమైన గీత ఉండదు, అరుగుదల మధ్యలోకి వెళ్లినా అదే లోహం.

జింకు మిశ్రమపు బొమ్మలకు చాలావాటికి విద్యుత్తుతో సన్నని రాగి పూత పూసి, దానిమీద గోధుమరంగు తెప్పిస్తారు. అది అరిగితే మూడు వలయాలు కనిపిస్తాయి: బయట గోధుమ, దాని లోపల వెంట్రుకంత సన్నని గులాబీ రంగు రాగి గీత, నడుమ నీలం కలిసిన బూడిదరంగు. ఎర్రగా మెరిసే గీతను మాత్రమే చూసి కంచు అనేస్తే పొరపాటే, దాని నడుమ ఏముందో చూడాలి. అరుగుదల ఇంకా రాగి దగ్గరే ఆగి ఉంటే ఆ చోటు సాక్ష్యం చాలదు, పీఠం కింది అంచు చూడండి. నేలకు రాసుకునేది అదే కాబట్టి నిజం అక్కడ త్వరగా బయటపడుతుంది.

పెచ్చు లేచిన చోట తెల్లగానో మీగడరంగుగానో మట్టిలా కనిపిస్తే అది రెసిన్ లేదా ప్లాస్టర్.

సమస్య: పక్కన గీత ఉంది, అది ఏ పోత గుర్తు?

గీత ఉందా లేదా అన్నదానికంటే అది ఎక్కడ, ఎలా ఉందన్నది ముఖ్యం. తల మీదుగా రెండు పక్కలా దిగే సన్నని, కాస్త ఉబ్బెత్తు గీత అచ్చు రెండు సగాలు కలిసిన చోటు. రెసిన్ బొమ్మల్లో దీన్ని కత్తితో గీకేస్తారు, అందువల్ల ఆ వరసలో చర్మపు గరుకుదనం పోయి చదునైన పట్టీ మిగులుతుంది.

భుజం చుట్టూ, నడుము చుట్టూ పట్టీలా తిరిగే గీత వేరే సంగతి. అది విడిగా పోసిన భాగాలను కలిపిన అతుకు. జింకు బొమ్మల్లో అక్కడ మెత్తని టంకం వాడతారు, అది లోపలివైపు మెరిసే బూడిదరంగు గడ్డలా కారి ఉంటుంది. కంచు భాగాలను కూడా విడిగా పోసి కలుపుతారు, కానీ బయట ఆకురాయి పట్టి, నగిషీ చెక్కి అతుకును కలిపేస్తారు. మైనపు నమూనా చుట్టూ మట్టి పెట్టి, మైనం కరిగించి, ఆ ఖాళీలో లోహం పోసే మైనపు పోతలో గీతే ఉండదని కూడా అనుకోవద్దు. మైనపు నమూనాను అచ్చులో పోసినప్పుడు పడిన గీతను చెరపకపోతే అది లోహంలోకీ దిగుతుంది.

సమస్య: అడుగు లోపల నునుపుగా, అలలుగా ఉంది

కరిగిన జింకు మిశ్రమాన్ని లోహపు అచ్చులో పోసి, గోడకు తాకిన పొర గట్టిపడగానే మిగిలింది వంపేస్తారు. లోపల నునుపైన గుండ్రటి అలలు అలా మిగులుతాయి. అయితే మైనాన్ని కూడా ఇలాగే అచ్చులో పోసి వంపుతారు, కాబట్టి మైనపు పోత కంచులోనూ లోపల అలలు ఉండొచ్చు. తేడా రంగులో, మిగిలిన మట్టిలో ఉంటుంది. కంచు లోపల ఇరుకు మూలల్లో, బొమ్మ బోలుగా రావడానికి పోతప్పుడు లోపల పెట్టిన దిమ్మ తాలూకు తెల్లని లేదా ఎర్రని మట్టి అంటుకుని ఉండొచ్చు, దిమ్మను పట్టి ఉంచిన మేకుల మచ్చలు కూడా అక్కడక్కడా కనిపించొచ్చు.

అడుగు బోలుగా లేకుండా చదునుగా ఉండి, సూదిమొనంత గాలి బుడగల గుంటలు, గరుకు కాగితంతో రుద్దిన గీతలు ఉంటే రెసిన్‌గానే అనుమానించండి. బరువు చూసి మోసపోవద్దు, లోపల బరువు దిమ్మ పెట్టే వీలుంది.

సమస్య: మడతల్లో పచ్చదనం ఉంది, పాతదేనా?

ప్రతి మడతలోనూ ఒకే ఛాయలో, ఒకే మందంలో ఉంటే అది చాలావరకు రంగు పూసి, ఎత్తు భాగాలు తుడిచేసిన పని. సహజంగా పట్టిన చిలుము ఒకచోట దట్టంగా, మరోచోట అసలు లేకుండా ఉంటుంది. లేత పచ్చ పొడి మచ్చలుగా రాలుతుంటే అది క్లోరైడ్ల వల్ల రాగి మిశ్రమానికి పట్టే తెగులు. బొమ్మను పొడిగా ఉంచి, లోహ వస్తు సంరక్షకులకు చూపించాలి. తెల్లటి పొడి వస్తుంటే జింకు వైపు చూడండి.

సాక్ష్యాలు ఒకదానికొకటి పొసగనప్పుడు

కడవ ఎత్తుకున్న స్త్రీ బొమ్మ, 24 సెంటీమీటర్ల ఎత్తు, అడుగు తెరిచి ఉంది అనుకుందాం. మడతల్లో పచ్చదనం, మోచేతి మీద ఎర్రటి మెరుపు చూసి యజమాని కంచు అంటున్నారు. మోచేతిని దగ్గరగా తీయిస్తే ఎర్రటి వలయం నడుమ ఆవగింజంత బూడిదరంగు చుక్క. అడుగు లోపల అంతా మెరుపు లేని బూడిదరంగు, నునుపైన అలలు, భుజం దగ్గర మెరిసే టంకం గడ్డ. పచ్చదనం ప్రతి మడతలో ఒకేలా ఉంది.

ఇంకా సందేహముంటే తూకం అడగండి. బొమ్మ 1240 గ్రాములు తూగింది. లోపలి గాలి బయటికి పోయేలా వంచి నీళ్లలో ముంచితే, అది తొలగించిన నీరు 175 మిల్లీలీటర్లు. భాగిస్తే ఘనసెంటీమీటరుకు దాదాపు 7.1 గ్రాములు. జింకు సాంద్రత అదే. కంచు, ఇత్తడి సుమారు 8.4 నుంచి 8.9 మధ్య ఉంటాయి, లోహపు పొడి రెసిన్ వీటన్నిటికంటే చాలా తేలిక. కొలతలో 5 మిల్లీలీటర్లు అటూఇటూ అయినా జవాబు 6.9, 7.3 మధ్యే ఆగుతుంది, కంచు దాకా పోదు. అడుగు మూసి ఉన్న బొమ్మకు, లోపల బరువు నింపిన బొమ్మకు ఈ లెక్క పనిచేయదు. పచ్చపొడి రాలే బొమ్మను నీళ్లలో ముంచవద్దు.

కాబట్టి ఇది లోహపు అచ్చులో పోసి వంపిన జింకు మిశ్రమం, పైన రాగి పూత. యజమానికి వెంటనే చెప్పాల్సింది, దీన్ని మెరుగు పెట్టే ద్రావణంతో తోమవద్దని. ఆ రాగి పొర పోతే కింద బూడిదరంగు తప్ప మరేమీ మిగలదు. విరిగిన చోట వేడి చేసి అతికించే ప్రయత్నం కూడా వద్దు. పాత టంకం ముందే కరిగిపోయి చేయి ఊడి వస్తుంది.