ఉద్యోగి ఏడాది క్యాలెండర్ – 3వ పాఠం: నాలుగు పదిహేనో తేదీలు

పాలసీ బాండ్లు, డిపాజిట్ రసీదులు ఒకచోట చేర్చుకోమని పోయిన పాఠంలో చెప్పాను. ఇప్పుడు వాటి పక్కన గోడ క్యాలెండర్ పెట్టుకోండి.

కావలిలో ఒక లెక్చరర్ ఉన్నారనుకుందాం. జీతం మీద పన్ను కాలేజీయే కోస్తుంది కాబట్టి అడ్వాన్స్ టాక్స్ తనకు వర్తించదని ఆయన ధీమా. కానీ ఒంగోలులో ఇంటికి నెలకు రూ.10,000 అద్దె వస్తోంది. ఏడాది అద్దెలో 30 శాతం మినహాయిస్తే రూ.84,000 (ఇంటి పన్ను లెక్క పక్కన పెడదాం). డిపాజిట్ల వడ్డీ రూ.66,000. మొత్తం లక్షన్నర. ఆయనది 20 శాతం శ్లాబు, సెస్‌తో పన్ను రూ.31,200. బ్యాంకు టీడీఎస్ రూ.6,600 పోగా మిగిలింది రూ.24,600. ఈ మిగులు రూ.10,000 గానీ, ఆపైన గానీ ఉంటే అడ్వాన్స్ టాక్స్ కట్టాల్సిందే.

జూన్ 15కి 15 శాతం, సెప్టెంబర్ 15కి 45, డిసెంబర్ 15కి 75, మార్చి 15కి మొత్తం చేరాలి. చాలామంది పొరబడేది ఇక్కడే. 45 అంటే అంతకుముందు కట్టినదానితో కలిపి 45. కాబట్టి ఆయన జూన్‌లో రూ.3,690, సెప్టెంబర్‌లో రూ.7,380, డిసెంబర్‌లో మళ్లీ రూ.7,380, మార్చిలో రూ.6,150 కట్టాలి. ఏదీ కట్టకుండా జులైలో రిటర్న్‌తో పాటు కడితే వాయిదాలు తప్పినందుకు రూ.1,236, ఏప్రిల్ నుంచి నాలుగు నెలలకు రూ.984 వడ్డీ పడుతుంది.

దీనికి ఇంకో దారి ఉంది, నాకైతే అదే నచ్చుతుంది. ఈ అద్దె, వడ్డీ వివరాలు ఏప్రిల్‌లోనే కాలేజీ ఆఫీసుకు రాసిస్తే ఆ పన్ను కూడా జీతంలోనే కోస్తారు. అప్పుడు నాలుగు తేదీల బెడద ఉండదు.

ఇక ప్రీమియంలు. ఆయన ఆరోగ్య బీమా సెప్టెంబర్ 18న ముగుస్తుంది. ఏడాది ప్రీమియానికి 30 రోజుల గడువు ఉంటుంది గానీ, అది పాలసీని నిలబెట్టుకోవడానికే. ఆ మధ్యలో ఆసుపత్రిలో చేరితే క్లెయిమ్ రాదు. అందుకే క్యాలెండర్‌లో 18 కాదు, 8 చుట్టండి. జీవిత బీమాలో మాత్రం గడువు రోజుల్లోనూ రక్షణ ఉంటుంది.

పెట్టుబడుల సమీక్షకు మార్చి ఎంచుకోకండి. డిసెంబర్ మొదటి ఆదివారం కూర్చోండి. ఆ రోజు ఫండ్ యూనిట్లు అమ్మాలని తేలి, ఆ వారంలోనే అమ్మితే వచ్చిన లాభం మీద పన్నును 15వ తేదీ వాయిదాలోనే కలపవచ్చు. ముందు ఊహించలేని లాభం కనుక గడిచిన వాయిదాలకు దానిపై వడ్డీ పడదు.

అభ్యాసం: మీ అద్దె, వడ్డీ, టీడీఎస్ అంకెలు వేసి మిగులు ఎంతో తేల్చండి. వచ్చే పాఠంలో పోర్టల్‌లో e-Pay Tax తెరిచి, `Advance Tax (100)` ఎంచుకుని చలానా కడదాం.