ఆఫీసు దుస్తులు, 4వ పాఠం: ఫార్మల్ ప్యాంటు కింద తెల్ల స్నీకర్లు

గత పాఠంలో ప్యాంటు నడుము దగ్గర, తొడల దగ్గర ఎలా ఉండాలో చూశాం. ఈసారి ప్యాంటు అంచు బూటును కలిసే చోటు చూద్దాం. తెల్ల స్నీకర్లు ఫార్మల్ ప్యాంటుకు నప్పాయో లేదో అక్కడే తెలిసిపోతుంది.

బూటు గురించి ముందు రెండు మాటలు. పరుగుకు వాడే జాలీ గుడ్డ బూట్లు, ఉబ్బెత్తు సోలు ఉన్నవి, రంగు చారలవి ఈ పనికి రావు. తోలుతో చేసి, చీలమండ కింద ఆగిపోయి, సోలు కూడా తెల్లగా, చదునుగా ఉన్న జత కావాలి. అడిడాస్ వాళ్ల స్టాన్ స్మిత్ తెలిసినవాళ్లకు ఆ ఆకారం వెంటనే కళ్లముందు కదులుతుంది. ఫార్మల్ ప్యాంటు ఏ హడావుడీ లేని సాదా గుడ్డ. దాని కింద బూటు కూడా అంతే సాదాగా ఉంటేనే రెండూ కలుస్తాయి.

ఇక అసలు విషయం. మా బావమరిది హైదరాబాద్‌లో ఒక ఐటీ ఆఫీసులో పనిచేస్తాడు. అక్కడ స్మార్ట్ క్యాజువల్. మంచి తెల్ల స్నీకర్లు కొనుక్కుని, పెళ్లి సూటులోని నేవీ బ్లూ ప్యాంటుతో వేసుకున్నాడు. ఎక్కడో తేడా కొడుతోందని నాకు ఫొటో పంపాడు. ప్యాంటు అంచు బూటు మీద రెండు మడతలు పడి కూర్చుంది. ఫార్మల్ బూటు మడమ సుమారు అంగుళం ఎత్తు ఉంటుంది, దాని పైభాగం సన్నగా ఉంటుంది కాబట్టి గుడ్డ జారి కిందికి దిగుతుంది. స్నీకరులో పాదం చాలావరకు చదునుగా, సోలు గిన్నెలో దిగినట్టు ఉంటుంది. పైగా మెత్త ఉన్న నాలుక, మడమ అంచు గుడ్డను అడ్డుకుంటాయి. ఫార్మల్ బూటుకు సరిపోయిన పొడవు స్నీకరు మీద ముద్దలా పోగుపడేది ఇందుకే.

అయితే అంగుళం కత్తిరిస్తే సరిపోతుందా? ఆ ప్యాంటుకు సరిపోదు. సూటు గుడ్డకు మెరుపుంది, ఇస్త్రీ గీత కత్తిలా నిలబడుతుంది. చూసినవాళ్లకు కోటు, నల్ల బూట్లు గుర్తొస్తాయి. కింద తెల్ల రబ్బరు సోలు కనిపించగానే బూట్లు మార్చుకోవడం మరిచిపోయారేమో అనిపిస్తుంది. పైగా పొడవు తగ్గిస్తే ఆ ప్యాంటు సూటుకి కూడా పనికిరాకుండా పోతుంది. దాన్ని ముట్టుకోవద్దని చెప్పాను.

అతని బీరువాలోనే బూడిద రంగు కాటన్ ప్యాంటు ఇంకొకటి ఉంది. కిటికీ దగ్గర వెలుతురులో పట్టుకుని చూస్తే మెరుపు లేదు. పొడవు 40 అంగుళాలు, బాటమ్ చుట్టూ 16. టైలరు దగ్గరికి స్నీకర్లు వేసుకునే వెళ్లమన్నాను, ఎందుకంటే చెప్పులతో కొలతిస్తే లెక్క తప్పుతుంది. నిటారుగా నిలబడ్డప్పుడు ముందు అంచు బూటును తాకీ తాకనట్టు ఉండాలి, వెనక బూటు మడమ పైఅంచును కాస్త కప్పాలి. టైలరు పొడవు 39కి, బాటమ్ 14.5కి తెచ్చాడు. అదే బూటు, అదే మనిషి, ఇప్పుడు చక్కగా కుదిరింది. అతనిది మామూలు ఒళ్లు కాబట్టి ఆ కొలతలు. మీ కొలత మీ కాలిని బట్టే. బాటమ్ మరీ బిగించేస్తే మాత్రం బూట్లు పడవల్లా పెద్దవిగా కనిపిస్తాయి.

కూర్చున్నప్పుడు ప్యాంటు పైకి లేస్తుంది, అప్పుడు సాక్సులు బయటపడతాయి. తెల్ల స్పోర్ట్స్ సాక్సులు వేస్తే బూటు చీలమండ దాటి పైకి పెరిగినట్టుంటుంది. బూటు లోపలే దాగే సాక్సులు గానీ, ప్యాంటు రంగువి గానీ వేసుకోండి.

అన్నీ కుదిరినా కొన్ని రోజులు స్నీకర్లు వద్దు. టై కట్టిన రోజు, బయటి కంపెనీ పెద్దలతో మొదటి సమావేశం ఉన్న రోజు బ్రౌన్ తోలు బూట్లే నయం. చొక్కా లోపలికి దోపి, తళతళలాడే నల్ల బెల్టు పెట్టినా పొత్తు కుదరదు. బెల్టు మెరుపు లేనిదైతే ఫరవాలేదు.

మురికిపట్టిన తెల్ల బూటు మాత్రం ఏ ప్యాంటు కిందా ఒప్పదు. వానాకాలంలో సోలు పక్కన పట్టే ఎర్రమట్టిని ఆ సాయంత్రమే తడిగుడ్డతో తుడవండి. తడిసిన బూటును ఎండలో పెట్టకండి, తోలు గట్టిపడుతుంది. లోపల కాగితం కుక్కి నీడలో ఆరనివ్వండి.

ఈ వారం అభ్యాసం: మీ ఫార్మల్ ప్యాంట్లన్నీ తీసి ఒక్కొక్కటే స్నీకర్లతో వేసుకోండి. మోకాలి నుంచి కిందికి, పక్క నుంచి ఫొటో తీయించుకోండి. మడత పడినవి ఒక కుప్ప, మెరిసేవి ఒక కుప్ప పెట్టండి. మొదటి కుప్ప టైలరుకు వెళ్తుంది, రెండోది నల్ల బూట్లకే. రెంటిలోనూ పడేవి మెరిసే కుప్పలోనే ఉండనివ్వండి. వచ్చే పాఠంలో లోఫర్లు చూద్దాం.