సీసాల మెషిన్ పదేపదే ఆగుతుంటే

ఫిల్లర్ ముందున్న స్టార్ వీల్‌లో సీసా నలిగి మెషిన్ ఆగుతోందా? ఆగడానికి కారణాలను కొమ్మలుగా చూపే బొమ్మ, అంటే ఫాల్ట్ ట్రీ గీసేటప్పుడు ప్రతి కారణాన్నీ ఒకే ప్రశ్న అడగండి: ఇది ఒక్కటే జరిగితే మెషిన్ ఆగుతుందా?

సీసా పడిపోయినంత మాత్రాన ఆగదు, సెన్సర్ దాన్ని పట్టుకుని బయటికి తోయిస్తుంది. కాబట్టి సీసా పడటం, సెన్సర్ పట్టుకోకపోవడం రెండూ 'మరియు' గేటు కిందికి వస్తాయి. సీసా పడటానికి మాత్రం గైడ్ రైలు వదులు కావడమో, కన్వేయర్ కుదుపో, ఏ ఒక్కటైనా చాలు. అది 'లేదా' గేటు.

షిఫ్టుకు 20 సీసాలు పడుతూ, సెన్సర్ పదింటిలో ఒకటి వదిలేస్తోందనుకుందాం. షిఫ్టుకు రెండుసార్లు ఆగుతుంది. సెన్సర్ నూటికి ఒకటే వదిలేలా చేస్తే అయిదు షిఫ్టులకు ఒకసారే. చాలామంది రైళ్లు బిగిస్తూనే ఉంటారు, సెన్సర్ వైపు చూడరు.

ఒక్క జాగ్రత్త. రిన్సర్ నుంచి కారే నీరు సీసాను జార్చడమే కాదు, సెన్సర్ కటకాన్నీ మసకబారుస్తుంది. అలాంటి కారణాన్ని రెండు కొమ్మల కిందా రాయండి. అప్పుడు పై గుణకారం చెల్లదు, నిజంగా ఆగేది అంతకన్నా ఎక్కువే. ఆగిన ప్రతిసారీ కటకాన్ని తుడవకముందే దానిపై తడి ఉందేమో చూసి రాసుకోండి.